కంప్రెసర్ ఆగకుండా తిరుగుతోంది, గాలి మాత్రం ఎక్కట్లేదు: రింగులు మార్చే ముందు ఏం చూడాలి?

సూర్యాపేట దాటాక హైవే పక్కన ఒక చిన్న టైర్ల షాపు ఉంది. కార్లు, ఆటోలు, బైకుల పని ఎక్కువ. షాపు ఓనరు ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశాడు. "అన్నా, రింగులు మార్పించి మూడు వారాలే అయింది. పొద్దున ఆన్ చేస్తే రాత్రి షట్టరు దించేదాకా మిషను ఆగట్లేదు. గేజి ముల్లు ఆరున్నర దాటి పోవట్లేదు. మళ్లీ రింగులే పోయాయా?" అని అడిగాడు. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. పిస్టన్ చుట్టూ ఉండే ఆ రింగులకు, సిలిండరు లోపలి బోరు పనికి అప్పటికే బాగా ఖర్చయింది. ఆ పనికి మూడు రోజులు షాపు కూడా మూసుకోవాల్సి వచ్చింది.

నేను కంప్రెసర్ల రిపేరు పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఈ ఫిర్యాదు వచ్చినప్పుడల్లా నేను చూసేది ఒకటే: గాలి ఎక్కట్లేదనగానే చాలామంది నేరుగా హెడ్డు విప్పుతారు. హెడ్డు విప్పాక రింగులు ఎలాగూ కొద్దోగొప్పో అరిగే కనిపిస్తాయి కాబట్టి అవే మారుస్తారు. అసలు జబ్బు కింద ట్యాంకు అడుగున ఉంటే అది అలాగే ఉండిపోతుంది. కొత్త రింగులు కూడా ఆ జబ్బుకే బలవుతాయి. అది ఎలా జరుగుతుందో ఈ షాపు మిషను మీదే చెబుతాను.

అది మామూలు బెల్టు మిషను. 2 హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు, రెండు సిలిండర్లు, 160 లీటర్ల ట్యాంకు. రెండు సిలిండర్లూ బయటి గాలినే పీల్చి నేరుగా ట్యాంకులోకి తోస్తాయి, అంటే సింగిల్ స్టేజ్. ప్రెషర్ స్విచ్ 8 కిలోల దగ్గర మోటారును ఆపాలి, ముల్లు 6కి దిగితే మళ్లీ ఆన్ చేయాలి. కిలో అంటే చదరపు సెంటీమీటరుకు కిలో ఒత్తిడి. మన షాపుల్లో అందరం వాడే లెక్క అదే.

ముందు రెండు ప్రశ్నలు విడదీయాలి

ముల్లు ఎక్కకపోవడానికి మూలంలో రెండే దారులు. పైన తయారయ్యే గాలి తగ్గి ఉండాలి, లేదా తయారైన గాలి ట్యాంకులోకి వచ్చాక బయటికి పోతూ ఉండాలి. బోరు మోటారు నీళ్లు తక్కువ తోస్తోందా, డాబా మీద ట్యాంకుకు చిల్లు పడిందా అన్నట్టే. రెండింట్లోనూ ట్యాంకు నిండదు. కింద నిలబడి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి, అప్పుడే మనం ఎక్కువగా మోసపోతాం.

విడదీయడానికి పానా కూడా అక్కర్లేదు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంటే చాలు. మొదటి పరీక్ష మిషను ఆపి చేసేది. వీలైనంత ప్రెషర్ ఎక్కించి, మెయిన్ స్విచ్ ఆపేసి, షాపులోకి వెళ్లే గాలి లైను వాల్వు కట్టేసి ముల్లు చూస్తూ కూర్చోవడమే. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. అప్పటిదాకా తిరిగిన మిషను ట్యాంకులో గాలి వేడిగా ఉంటుంది. అది చల్లబడేటప్పుడు లీకు లేకపోయినా ముల్లు కొంత దిగుతుంది, అరకిలో దాకా కూడా దిగొచ్చు. అందుకే ఆపగానే టైము పెట్టకూడదు. ఓ పది నిమిషాలు వదిలేసి, ట్యాంకు ఒళ్లు చల్లబడ్డాక లెక్క మొదలుపెట్టాలి. లీకు పెద్దదైతే అన్ని నిమిషాలు ఆగినా గాలి మిగలదు, అప్పుడు అనుమానమే అక్కర్లేదు.

ఆ షాపులో గాలి 6 నుంచి 5 కిలోలకు దిగడానికి 4 నిమిషాలు దాటి కొన్ని సెకన్లు పట్టింది. ఇది ఎంత లీకో చెప్పడం తేలిక. 160 లీటర్ల ట్యాంకులో ఒక కిలో తగ్గిందంటే దాదాపు 155 లీటర్ల మామూలు గాలి బయటికి పోయినట్టు. నాలుగు నిమిషాల్లో అంత పోయిందంటే నిమిషానికి 37 లీటర్లు ఊరికే పోతున్నాయి.

రెండో పరీక్ష నింపే టైము. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, లైను వాల్వు కట్టేసి ఆన్ చేయాలి. ఎంత టైము పట్టాలో ముందే తెలియాలి కదా, దానికి ఒక సులువైన కొలత ఉంది. ట్యాంకు లీటర్లను మిషను నిమిషానికి ఇచ్చే లీటర్లతో భాగిస్తే, ఒక్కో కిలో ఎక్కడానికి పట్టే నిమిషాలు వస్తాయి. అయితే ప్లేటు మీద రాసి ఉండే అంకె చాలాసార్లు పిస్టన్ ఊడ్చే పరిమాణమే తప్ప ట్యాంకులోకి చేరే గాలి కాదు. చేరేది అందులో మూడింట రెండొంతుల దరిదాపుల్లో ఉంటుంది. ఈ మిషను ప్లేటు మీద 8 సీఎఫ్ఎం ఉంది, అంటే నిమిషానికి 8 ఘనపుటడుగులు, లీటర్లలో 226. చేరేది 160 లీటర్లు అనుకుందాం. ట్యాంకు కూడా 160 లీటర్లే కాబట్టి నిమిషానికి ఒక కిలో చొప్పున ఎక్కాలి, అంటే 8 కిలోలకు 8 నిమిషాలు.

మాకు మాత్రం 4 కిలోలు ఎక్కడానికే 7 నిమిషాలు పట్టింది. 4 నుంచి 6కి ఇంకో 10 నిమిషాలు. ఆ తర్వాత పావుగంట నిలబడి చూసినా ముల్లు 6.7 దగ్గరే ఆగిపోయింది. 8కి చేరితేనే స్విచ్ మోటారును ఆపుతుంది. ఇది జన్మలో చేరదు కాబట్టి మోటారు రోజంతా తిరుగుతూనే ఉంటుంది.

ఈ మూడు అంకెల్లో సగం కథ ఉంది. లీకు ఎప్పుడూ ఒకే లెక్కలో ఉండదు, ట్యాంకులో ఒత్తిడి పెరిగేకొద్దీ అదే చిల్లులోంచి ఎక్కువ గాలి పోతుంది. అటు వాల్వులు, రింగులు సరిగ్గా లేని మిషను ఒత్తిడి పెరిగేకొద్దీ తక్కువ గాలి తోస్తుంది. ఒకటి పెరుగుతూ, ఒకటి తగ్గుతూ వచ్చి రెండూ సమానమైన చోట ముల్లు ఆగిపోతుంది. 6.7 దగ్గర లీకు సుమారు 44 లీటర్లు. అంటే ఆ ఒత్తిడిలో మిషను తోసేది కూడా 44 లీటర్లే. మంచి మిషను అక్కడ 150 దాకా తోయాలి. లీకు నిజమే, కానీ లీకు ఒక్కటే అయితే ముల్లు 8 దాటి వెళ్లిపోయేది. కాబట్టి కిందా జబ్బుంది, పైనా ఉంది. హెడ్డు ముట్టుకోకుండానే ఇంత తెలిసింది.

కింది నుంచి మొదలుపెట్టాలి

లీకు వెతకడానికి సబ్బు నురగను మించిన పరికరం లేదు. ప్లాస్టిక్ మగ్గులో నీళ్లు, కాస్త సబ్బు, పాత పెయింట్ బ్రష్ చాలు. మిషను ఆపి, ట్యాంకులో గాలి ఉండగానే అన్ని జాయింట్లకూ పూయాలి. ప్రెషర్ స్విచ్ లోపల కరెంటు ఉంటుంది కాబట్టి దాని పైపు జాయింట్లకే పూయాలి, అది కూడా మెయిన్ ఆపాకే.

ట్యాంకు అడుగున నీళ్లు వదిలే డ్రెయిన్ కాక్‌కి నురగ కంటే మంచి పద్ధతి ఇంకొకటి ఉంది. కాక్ మూతి మునిగేలా కింద నుంచి నీళ్ల మగ్గు పట్టుకోవాలి. షాపులో ఓనరు మగ్గు పట్టుకోగానే నీళ్లు కుతకుత ఉడికినట్టు బుడగలొచ్చాయి. అంత పోతున్నా అన్ని రోజులూ ఎవరికీ వినిపించలేదు. మోటారు, బెల్టు చప్పుడులో ఆ బుస కలిసిపోయింది. పైగా కాక్ ట్యాంకు అడుగున, నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. దాని కింద ఎప్పుడూ తడిగా ఉండేది, నీళ్లు కారుతున్నాయిలే అనుకున్నారు.

ఒక మిల్లీమీటరు చిల్లు ఏం చేస్తుందో చాలామంది నమ్మరు. 7 కిలోల ఒత్తిడి దగ్గర అంత సన్న చిల్లులోంచి నిమిషానికి దాదాపు 70 లీటర్లు పోతాయి. 160 లీటర్లు ఇచ్చే మిషను కష్టంలో అది సగానికి దగ్గర. చిల్లు రెండు మిల్లీమీటర్లయితే నాలుగు రెట్లు పోతుంది, ఇలాంటి మిషను కొత్తదైనా 8 కిలోలు చేరలేదు.

ఈ కాక్ ఎందుకు పాడవుతుందంటే నీళ్ల వల్లే. వానాకాలంలో 32 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున ఒక ఘనమీటరు గాలిలో 27 గ్రాముల నీరు ఆవిరిగా ఉంటుంది. మిషను రోజుకు నాలుగు గంటలు గాలి తోస్తే 40 ఘనమీటర్లకు దగ్గర, అంటే లీటరు పైగా నీరు గాలితో పాటే లోపలికి పోతుంది. నొక్కుకుపోయిన గాలి అంత ఆవిరిని మోయలేదు. చల్లబడగానే ముప్పావు లీటరు దాకా ట్యాంకు అడుగున నీళ్లుగా దిగిపోతుంది. రోజూ తీయకపోతే అడుగు తుప్పు పడుతుంది. ఆ తుప్పు పెచ్చులు కాక్ తెరిచినప్పుడు నీళ్లతో పాటు వచ్చి సీటు మీద కూర్చుంటాయి. అది తెలియక గట్టిగా బిగిస్తే పెచ్చు ఇత్తడి సీటులో గీత పెడుతుంది. ఆ తర్వాత ఎంత బిగించినా ఆగదు. అందుకే కాక్ కారుతుంటే పానా పెట్టి ఇంకా బిగించొద్దు. ఒకసారి పూర్తిగా తెరిచి రెండు మూడు సెకన్లు ఊదనిచ్చి మూయాలి. ఆగితే సరే, ఆగకపోతే మార్చాలి.

మార్చడానికి ట్యాంకు సున్నాకి రావాలి. ముల్లు సున్నా చూపించినా సేఫ్టీ వాల్వు రింగు లాగి, గాలి లేదని చెవితో విన్నాకే కాక్ విప్పాలి. ముళ్లు కూడా ఇరుక్కుపోతాయి, అలాంటివి చూశాను. ఒత్తిడి మీద విప్పిన కాక్ బుల్లెట్‌లా వస్తుంది. పాత ప్లగ్ కాక్ బదులు మంచి ఇత్తడి బాల్ వాల్వు పెట్టుకుంటే మేలు. అది సగం మూసి వదిలేసే రకం కాదు, హ్యాండిల్ చూడగానే తెరిచి ఉందో లేదో తెలుస్తుంది.

ఇంకొక్క మాట. బుడగలు కాక్ నుంచి కాక ట్యాంకు రేకు నుంచే వస్తే మాత్రం ఆ ట్యాంకు అయిపోయినట్టే. ఎంసీల్ పెట్టడం, వెల్డింగు పెట్టించడం ఏదీ చేయొద్దు. సూది మొన చిల్లు కనిపించిందంటే చుట్టూ రేకు కాగితంలా పలచబడి ఉంటుంది. 8 కిలోల గాలిని పట్టుకోవాల్సింది ఆ రేకే.

ఆపాక వచ్చే బుస, తిరిగేటప్పుడు వచ్చే బుస

ప్రెషర్ స్విచ్ దగ్గర వచ్చే శబ్దం గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల మంచి స్విచ్‌లు చాలా పారేస్తుంటారు. మోటారు ఆగగానే స్విచ్ పక్క నుంచి "సుయ్" మని రెండు మూడు సెకన్లు గాలి వదలడం సహజం. హెడ్డు నుంచి ట్యాంకుకు వచ్చే పైపులో మిగిలిన ఒత్తిడిని అది వదిలేస్తుంది, మళ్లీ ఆన్ అయినప్పుడు మోటారు తేలిగ్గా లేవాలని. ఆ పైపు ట్యాంకును కలిసే చోట ఎన్నార్వీ, అంటే గాలిని వెనక్కి రానివ్వని వాల్వు ఉంటుంది.

ఆగాక ఆ సుయ్ ఆగకుండా వస్తూనే ఉంటే తప్పు స్విచ్‌ది కాదు, ఎన్నార్వీది. దాని లోపలి రబ్బరో, టెఫ్లాన్ బిళ్లో కాలిపోయి ట్యాంకు గాలి వెనక్కి వచ్చి స్విచ్ దారిలో పోతోంది. అదే సుయ్ మోటారు తిరుగుతుండగా వస్తే తప్పు స్విచ్ పక్కనున్న ఆ చిన్న వాల్వుదే, అది మూసుకోవట్లేదు. శబ్దం ఒకటే, చోటూ ఒకటే, వచ్చే సమయాన్ని బట్టి జబ్బు మారిపోతుంది. ఇంకో తేడా కూడా గుర్తుపెట్టుకోవాలి. ఎన్నార్వీ లీకు మిషను ఆగినప్పుడే గాలి పోగొడుతుంది. తిరుగుతున్న మిషను గాలి నెమ్మదిగా ఎక్కించడానికి అది మామూలుగా కారణం కాదు. ఆ షాపు మిషనులో ఎన్నార్వీ బాగానే ఉంది.

కాక్ మార్చాక మళ్లీ రెండు పరీక్షలూ చేశాం. ఆపి చూస్తే పది నిమిషాల్లో ముల్లు కదిలినట్టే లేదు. నింపే పరీక్షలో 18 నిమిషాలకు 8 చేరింది, మోటారు దానంతట అదే ఆగింది. ఎన్నో రోజుల తర్వాత షాపులో ఒక్కసారిగా నిశ్శబ్దం వచ్చేసరికి ఓనరు పని వదిలేసి వచ్చి చూశాడు. ఇక చాలన్నాడు. చాలదని చెప్పాను. 8 నిమిషాల్లో కావాల్సింది 18 పడుతోందంటే సగానికి పైగా గాలి ఇంకా ఎక్కడో పోతోంది, అది కూడా ట్యాంకుకు చేరకముందే.

పైన వెతకడం: వాల్వులా, రింగులా?

ముందు చేతికి అందేవి చూడాలి. బెల్టు జారుతోందా, గాలి ఫిల్టరు మూసుకుపోయిందా. ఇక్కడ బెల్టు బాగానే ఉంది. ఫిల్టరు మాత్రం హైవే దుమ్ముతో అట్ట కట్టింది. దాన్ని తీసేసి తిప్పి చూస్తే ఒక నిమిషం కూడా తేడా రాలేదు కాబట్టి అసలు కారణం అది కాదు. కానీ ఫిల్టరు చేసిన చెడు వేరే ఉంది, దాని సంగతి తర్వాత.

వాల్వులు, రింగులు ఒకదానిలా ఒకటి నటిస్తాయి కానీ వాటి గాలి పోయే దారులు వేరు. పిస్టన్ గాలిని నొక్కుతున్నప్పుడు రింగులు పట్టకపోతే ఆ గాలి కిందికి, నూనె ఉన్న గదిలోకి జారుతుంది. అక్కడి నుంచి బ్రీదరు అనే చిన్న మూతి ద్వారా బయటికొస్తుంది. పీల్చుకునే వాల్వు పట్టకపోతే అదే గాలి ఫిల్టరు వైపు వెనక్కి తన్నుతుంది. తోసే వాల్వు పట్టకపోతే ఎటూ బయటికి రాదు. పైపులోకి వెళ్లిన వేడి గాలి, పిస్టన్ కిందికి దిగినప్పుడు మళ్లీ సిలిండర్లోకి వచ్చేస్తుంది. దాన్నే మళ్లీ నొక్కుతుంది, అది మళ్లీ వెనక్కొస్తుంది. బయట ఏ శబ్దమూ ఉండదు, హెడ్డు మాత్రం విపరీతంగా కాలిపోతుంది.

కాబట్టి ముల్లు 5 దాటాక మూడు చోట్ల చూడాలి. బ్రీదరు దగ్గర అరచెయ్యి పెడితే మంచి మిషనులో సన్నటి ఊపిరి తగులుతుంది. రింగులు పోతే పిస్టన్ తాళానికి తగ్గట్టు గుప్పుగుప్పుమని కొడుతుంది, ప్రెషర్ పెరిగేకొద్దీ బలంగా కొడుతుంది, చేతికి నూనె తడి అంటుతుంది. ఫిల్టరు తీసిన మూతి దగ్గర పలచటి కాగితం ముక్క పట్టుకుంటే అది లోపలికే లాగాలి, బయటికి కొట్టుకోకూడదు. మూడోది వేడి. దూరం నుంచి వేడి చూపించే గన్ను ఇప్పుడు చాలామంది ఏసీ మెకానిక్కుల దగ్గర ఉంటోంది. అది ఉంటే రెండు సిలిండర్ల హెడ్లనూ పోల్చి చూడాలి. చేత్తో మాత్రం ముట్టుకోవద్దు.

ఈ మిషనులో బ్రీదరు మామూలుగానే ఉంది, కొత్త రింగులు పని చేస్తున్నాయి. రెండు సిలిండర్ల దగ్గరా కాగితం లోపలికే లాగింది. వేడి చూస్తే ఎడమ హెడ్డు 140 డిగ్రీలు, కుడిది 190కి దగ్గర. జబ్బు కుడి సిలిండర్ తోసే వాల్వులో ఉందని అక్కడే తేలిపోయింది. రెండు సిలిండర్లున్న సింగిల్ స్టేజ్ మిషను ఇచ్చే పెద్ద సౌకర్యం ఇదే, బాగున్నది పాడైనదాని పక్కనే కొలతగా ఉంటుంది.

కరెంటు తీసేసి, ట్యాంకు ఖాళీ చేసి, చల్లబడ్డాక కుడి హెడ్డు విప్పాం. వాల్వు ప్లేటు అరచేతిలో పట్టేంత ఉంటుంది. దానికి తోసే వైపు పలచటి స్టీలు రేకు, పాత బ్లేడు కంటే కాస్త మందం. గాలి వచ్చినప్పుడు ఆ రేకు లేచి, పోయాక సీటు మీద పడాలి. రేకు చుట్టూ బొగ్గు, పెనం అడుగున పట్టిన మసిలా నల్లగా, గట్టిగా ఉంది. సీటు మీద ఒకచోట ఆవగింజలో సగం ఉన్న బొగ్గు పలుకు అతుక్కుపోయి, రేకును ఒక మూల ఎత్తి పెట్టింది. గోరు పెట్టి చూస్తే తగిలేది అదొక్కటే. అంత చిన్న పలుకు వల్ల ఆ సిలిండర్ నొక్కిన గాలిలో చాలా భాగం వెనక్కొస్తోంది. దాని పని దాదాపు అంతా ఎడమ సిలిండరే చేస్తోంది.

బొగ్గును ఇత్తడి బ్రష్షుతో, డీజిల్లో నానబెట్టి తీశాం. తర్వాత ఆ డీజిల్ వాసన కూడా లేకుండా తుడిచి ఆరబెట్టాలి. వేడి గాలి పోయే దారిలో అలాంటివి మిగలకూడదు, అందుకే పెట్రోలు అసలు వాడను. అద్దం ముక్క మీద సన్న గ్రైండింగ్ పేస్టు వేసి ప్లేటును ఎనిమిది ఆకారంలో నెమ్మదిగా రుద్దితే సీటు మొత్తం ఒకే బూడిద రంగులోకి వచ్చింది. రేకు వంగింది కాబట్టి కొత్తది వేశాం, వంగిన రేకును సరిచేసి వేస్తే మళ్లీ వారంలో విరుగుతుంది. బిగించే ముందు ప్లేటు బోర్లించి కిరోసిన్ పోసి చూడాలి. రెండు నిమిషాల్లో అటువైపు చెమ్మ కూడా కనిపించకపోతే పట్టినట్టే.

హెడ్డు ప్యాకింగ్ తప్పకుండా కొత్తదే వేయాలి. హెడ్డు లోపల పీల్చే గదికీ, తోసే గదికీ మధ్య ఒక సన్న గోడ ఉంటుంది. దాని కింద ప్యాకింగ్ కాలిపోతే నొక్కిన గాలి నేరుగా పీల్చే గదిలోకి పోతుంది. బయటికి చుక్క లీకు కనిపించదు, వాల్వు లీకులాగే హెడ్డు కాలుతుంది. వాల్వులు మార్చినా గాలి ఎక్కట్లేదన్న చోట ఈ గోడ దగ్గర నల్లటి గీత చాలాసార్లు చూశాను.

మళ్లీ నింపే పరీక్ష పెట్టాం. 8 నిమిషాల 20 సెకన్లు.

మరి రింగులు ఎందుకు అరిగాయి?

అంతకుముందు వచ్చిన మెకానిక్కు రింగులు మార్చింది ఊరికే కాదు. డ్రెయిన్ నీళ్లలో నూనె పాలలా కలిసి వస్తోంది, పది రోజులకే నూనె మట్టం దిగుతోంది. ఆ గుర్తులు రింగులవే. పాత రింగుల్లో ఒకటి ఓనరు దాచిపెట్టాడు. దాన్ని సిలిండర్లో పెట్టి, పిస్టన్‌తో తిన్నగా నెట్టి, రెండు కొసల మధ్య సందును ఫీలర్ గేజితో కొలిచాను, మిల్లీమీటరు పైనే ఉంది. 70 మిల్లీమీటర్ల బోరుకు కొత్త రింగు సందు పావు మిల్లీమీటరు దరిదాపుల్లో ఉండాలి. అంటే నిజంగానే అరిగాయి. అతని రోగనిర్ధారణలో తప్పు లేదు, కానీ అది చివరి మెట్టు.

మొదటి మెట్టు కాక్. దాని లీకు వల్ల మోటారు ఆగడం మానేసింది. పిస్టన్ కంప్రెసర్లు, ముఖ్యంగా ఈ సైజువి, రోజంతా ఆగకుండా తిరగడానికి చేసినవి కావు. కాసేపు తిరిగి, కాసేపు ఆగి చల్లబడాలి. గంటలో నలభై నిమిషాలకు మించి తిరగకుండా చూసుకోవడం మంచి అలవాటు. ఆగకుండా తిరిగితే హెడ్డు వేడెక్కుతుంది. ఆ వేడికి గాలితో పైకొచ్చిన నూనె వాల్వుల మీద కాలి బొగ్గవుతుంది. ఆ బొగ్గు వాల్వును పట్టనివ్వదు, వేడి గాలి వెనక్కొచ్చి హెడ్డును ఇంకా కాలుస్తుంది. వేడికి నూనె పలచబడుతుంది, రింగులు అరుగుతాయి. అరిగిన రింగుల మీదుగా ఇంకా ఎక్కువ నూనె పైకెక్కి, ఇంకా బొగ్గు పెడుతుంది. ఇందులో ఇంకో చెయ్యి ఆ దుమ్ము పట్టిన ఫిల్టరుది. గాలి అందనప్పుడు పిస్టన్ కిందికి దిగుతూ సిలిండర్లో శూన్యం లాగుతుంది, ఆ లాగుడుకి నూనె రింగులు దాటి పైకొస్తుంది.

ఇక్కడ రింగులు మార్చి కాక్‌నీ వాల్వునీ వదిలేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. మూడు వారాల్లో అదే జరిగింది. ఇంకొన్ని నెలలు అలాగే తిప్పి ఉంటే కొత్త రింగుల సందు కూడా పాతవాటి దారే పట్టేది.

నూనె సంగతి కూడా ఉంది. షాపులో బైకుల ఇంజన్ ఆయిల్ పోస్తున్నారు. దానిలో ఇంజన్ కోసం కలిపే మందులు ఈ వేడి వాల్వుల మీద ఎక్కువ మడ్డి పెడతాయి. కంప్రెసర్ ఆయిల్ అని విడిగా దొరుకుతుంది, మన ఎండలకు 100 గ్రేడు సరిపోతుంది. మిషను పుస్తకంలో వేరేది రాసి ఉంటే అదే పోయాలి. నూనె మట్టం చూపించే అద్దంలో ఎర్ర చుక్క సగం దాకే, అంతకన్నా ఎక్కువ పోస్తే అది కూడా పైకే ఎక్కుతుంది.

రింగులు నిజంగా మార్చాల్సి వస్తే ఒక్క విషయం చూసుకోమని చెబుతాను. బోరు అద్దంలా మెరిసిపోతుంటే అందులో కొత్త రింగులు పట్టవు. హోనింగ్ చేసి అడ్డంగా సన్న గీతలు పెట్టించాలి. ఆ గీతల్లో నిలిచే నూనె మీదే రింగు తన చోటు చేసుకుంటుంది. బోరు పై అంచు దగ్గర గోరుకు మెట్టు తగిలితే హోనింగ్ సరిపోదు, బోరింగ్ చేయించి పెద్ద సైజు పిస్టన్ వేయాలి. రింగుల సందులు మూడూ ఒకే వరసలో రాకుండా తిప్పి పెట్టాలి. కొత్తవి కొన్ని గంటలు తిరిగాకే పూర్తిగా పడతాయి కాబట్టి నింపే టైము మొదటి రోజు కాక వారం తర్వాత చూడాలి.

రెండు స్టేజీల పెద్ద మిషను, అంటే పెద్ద సిలిండర్ నొక్కిన గాలిని చిన్న సిలిండర్ మళ్లీ నొక్కే మిషను ఉన్నవాళ్లకు ఒక చిన్న గుర్తు. రెండు సిలిండర్ల మధ్య పైపు మీద చిన్న గేజి ఉంటే అది మామూలు కంటే ఎక్కువ చూపిస్తోందంటే చిన్న సిలిండర్ వాల్వులు, తక్కువ చూపిస్తోందంటే పెద్ద సిలిండర్ వైపు ముందు చూడాలి. మధ్యలోని సేఫ్టీ వాల్వు టప్పున కొడుతుంటే దాన్ని బిగించేయొద్దు, అది చిన్న సిలిండర్ గాలిని వెనక్కి పంపుతోందని చెబుతోంది.

గాలి ఎక్కకపోవడానికి తిరగబడ్డ జబ్బు కూడా ఒకటుంది. గాలి చాలా త్వరగా ఎక్కేస్తోంది, కానీ రెండు టైర్లు కొట్టగానే పడిపోయి మోటారు మాటిమాటికీ ఆన్ అవుతోందంటే, మిషను బాగైందని సంతోషించొద్దు. ట్యాంకు సగం నీళ్లతో నిండి ఉంటుంది. నీళ్లున్న చోట గాలికి జాగా లేదు కదా.

ఆ షాపులో ఇప్పుడు గేజి పక్కన గోడ మీద సుద్దముక్కతో "0 నుంచి 8: 8 ని. 20 సె." అని రాసి తేదీ వేసి ఉంది. కింద ఇంకో లైను, "6 నుంచి 5: గంటకు పైన". నెలకోసారి షట్టరు దించేటప్పుడు ఈ రెండూ చూసి కింద రాయమన్నాను. మొదటి అంకె 10 నిమిషాలు దాటితే పైన వాల్వులు చూడాలి, రెండోది తగ్గితే మగ్గు తీసుకుని కింద కాక్ దగ్గర కూర్చోవాలి. మొన్న వెళ్లినప్పుడు నాలుగో నెల అంకె చూశాను, 8 నిమిషాల 40 సెకన్లు. ఫిల్టరు దులిపి మళ్లీ పెడితే 8:20కి వచ్చింది.